లెక్క పల్లం నుంచి మొదలుపెట్టాలి

మా పక్కింటి కుర్రాడు తను చేసిన పవర్ సప్లై పట్టుకొచ్చాడు. "బాబాయ్, ఊరికే కొలిస్తే మీటరు సరిగ్గా పన్నెండు వోల్టులు చూపిస్తోంది. ఆంప్లిఫయర్ తగిలించి సౌండు పెంచితే మాత్రం స్పీకర్లో జుమ్మని మోత" అన్నాడు. విప్పి చూశాను. పన్నెండు వోల్టుల, ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 1N4007 డయోడ్లు నాలుగు, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్, చివర 7812 రెగ్యులేటర్. అతుకులన్నీ శుభ్రంగా ఉన్నాయి. తప్పంతా లెక్కలోనే ఉంది.

కుళాయి కాసేపే వచ్చే ఇంట్లో తొట్టి చేసే పనే ఇక్కడ కెపాసిటర్ చేస్తుంది. కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఆ రెండు వైపుల ఊపునూ ఒకే దిక్కుకు మళ్లిస్తుంది కాబట్టి సెకనుకు వంద శిఖరాలొస్తాయి. శిఖరం దగ్గర తొట్టి నిండుతుంది. మళ్లీ శిఖరం వచ్చేదాకా లోడు అందులోంచే తోడుకుంటుంది, మట్టం దిగుతుంది. 7812 సరిగ్గా పనిచేయాలంటే ఆ మట్టం ఎంత దిగినా పద్నాలుగు వోల్టులకు తగ్గకూడదు. మీటరు చూపేది సగటు మాత్రమే, పల్లం దానికి కనబడదు. మన చెవికి మాత్రం జుమ్మని వినబడుతుంది.

అందుకే లెక్క పల్లం నుంచి పైకి కట్టాలి. కుర్రాడి లోడు ఒక ఆంపియర్. అడుగున 14 వోల్టులు. మట్టం 2 వోల్టులు దిగితే ఫరవాలేదనుకుందాం, అంటే శిఖరం 16 ఉండాలి. బ్రిడ్జిలో ఏ క్షణానైనా రెండు డయోడ్ల గుండా కరెంటు పోతుంది. ఒక్కొక్కటి వోల్టు చొప్పున మింగుతుంది, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వాల్సిన శిఖరం 18. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే అంకె శిఖరం కాదు, దాన్ని 1.41తో భాగిస్తే వచ్చేది. అంటే 12.8. ఇది గోడలో నిండుగా 230 ఉన్నప్పటి మాట. సాయంత్రం 207కి పడిపోయినా నడవాలంటే 14.2 కావాలి. బజారులో దొరికే దగ్గరి సైజు 15. పన్నెండు వోల్టులు కావాలి కదా అని పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొనడమే చాలామంది చేసే పొరపాటు.

కెపాసిటర్ సంగతి తేలిక. లోడు ఆంపియర్లను రెండు శిఖరాల మధ్య కాలంతో హెచ్చించి, దిగనిచ్చే వోల్టులతో భాగించాలి:

C = 1 × 0.01 ÷ 2 = 0.005 F

అంటే 5000 మైక్రోఫారడ్లు. నిజానికి తొట్టి ఖాళీ అయ్యే కాలం పది మిల్లీసెకన్ల కంటే కాస్త తక్కువే, కాబట్టి 4700 చాలు. కుర్రాడి 2200తో ఇదే లెక్క కడితే మట్టం నాలుగున్నర వోల్టులు దిగుతుంది. అతని ట్రాన్స్‌ఫార్మర్ శిఖరం 17, డయోడ్లు పోగా 15. పల్లం 10.5. మోత రాక ఏం చేస్తుంది!

కెపాసిటర్ ఎన్ని వోల్టులు తట్టుకోవాలన్నది మాత్రం అవతలి కొస నుంచి చూడాలి. గోడలో 250 వచ్చి, లోడు లేకుండా ఉందనుకోండి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు పది పదిహేను శాతం ఎక్కువే ఇస్తాయి. అప్పుడు పదిహేను వోల్టుల చుట్ట శిఖరం 26 దాకా పోతుంది. 25 వోల్టుల కెపాసిటర్ అంచు మీద కూర్చున్నట్టే. 35 వోల్టులదే వేయాలి.

డయోడ్ల విషయంలో అందరూ వోల్టుల గురించి భయపడతారు. బ్రిడ్జిలో ఒక్కో డయోడ్ ఎదురు తట్టుకోవాల్సింది ఆ 26 వోల్టులే, 1N4007 వెయ్యి తట్టుకుంటుంది. సగటు కరెంటు కూడా అర ఆంపియరే. చూడాల్సింది స్విచ్ వేసిన క్షణం. అప్పుడు ఖాళీ కెపాసిటర్ షార్టు లాంటిది, చుట్టలోని నిరోధం ఒక్కటే అడ్డం. అది ఒక ఓం ఉంటే పాతిక ఆంపియర్ల దాకా దూసుకొస్తుంది. 1N4007 ఒకసారికి తట్టుకునేది 30. అంత దగ్గరగా నడపడం నాకిష్టం లేదు. మూడు ఆంపియర్ల 1N5408 అయితే 200 తట్టుకుంటుంది, ధరలో తేడా కొన్ని రూపాయలే.

మళ్లీ కుళాయి దగ్గరికి వద్దాం. రోజంతా వాడే నీళ్లు కాసేపట్లోనే రావాలంటే పైపు లావుగా ఉండాలి. అలాగే ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ కొద్ది మిల్లీసెకన్లలో మొత్తం కరెంటునూ కుమ్మరించాలి. దాని చుట్ట వేడెక్కేది ఆ కుమ్మరింపుల వల్లే. ఒక ఆంపియర్ డీసీ కావాలంటే చుట్ట మోసే ఏసీ దాదాపు 1.6 నుంచి 1.8 ఆంపియర్లు. అందుకే రెండు ఆంపియర్లది రాసిచ్చాను. ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే గంటసేపటికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, వార్నిష్ వాసనొస్తుంది.

కుర్రాడు వారం తర్వాత మళ్లీ వచ్చాడు, మోత పోయింది. రెగ్యులేటర్ మీద వేలు పెట్టి చూశాను, చురుక్కుమంది. సగటున 18 వోల్టులు లోపలికి వెళ్లి 12 బయటకొస్తుంటే మిగతా ఆరు వోల్టులు, ఒక ఆంపియర్ దగ్గర ఆరు వాట్లు, వేడిగానే పోవాలి. దానికి అరచేతి వెడల్పు అల్యూమినియం హీట్ సింక్ బిగించమన్నాను. బిగించే ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్ కాళ్ల మధ్య వెయ్యి ఓంల రెసిస్టర్ అర నిమిషం ఆనించమని కూడా చెప్పాను.