తివాచీ వెనకవైపు చూపించమనండి

ఏలూరు తివాచీ అయినా, ఇరాన్‌దైనా ఫొటో చూసి కొనేటప్పుడు వెనకవైపు దగ్గరగా తీసిన ఫొటో అడగండి. చేత్తో ముడివేసిన దాంట్లో ముందున్న డిజైనే వెనకా స్పష్టంగా కనిపిస్తుంది. ముడులు కాస్త చిన్నా పెద్దా ఉంటాయి. మిషన్ నేతలోనూ వెనక డిజైన్ కనిపించొచ్చు గానీ, వరసలు స్కేలుతో గీసినట్టుంటాయి.

తర్వాత కుచ్చులు చూడండి. చేతిపనిలో అవి పడుగు దారాల కొసలే, తివాచీలోంచే వస్తాయి. మిషన్ సరుకులో చాలావరకు విడిగా కుట్టేస్తారు. అయితే పాత తివాచీకి అరిగిన కుచ్చులు మార్చి ఉండొచ్చు కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయకూడదు.

చివరగా అంచులోని పువ్వులను నాలుగు మూలల్లో పోల్చండి. చేతిపనిలో చిన్న తేడాలు దొరుకుతాయి. వెనక ఫొటో పంపనంటే కొనకండి.