స్కూలు ఇస్కూలైంది, గ్లాసు గలాసైంది

పల్లెల్లో పెద్దవాళ్లు కొందరు స్కూలును ‘ఇస్కూలు’ అంటారు, గ్లాసును ‘గలాసు’ అంటారు. రెండూ ఇంగ్లిషు నుంచి వచ్చిన మాటలే, రెండింటి మొదట్లోనూ జంట హల్లులే. అయినా ఒకచోట అచ్చు ముందు వచ్చి చేరింది, ఇంకోచోట రెండు హల్లుల మధ్యలో దూరింది. ‘ఇగ్లాసు’ అనేవాళ్లు మాత్రం కనబడరు.

ఈ తేడాకు కారణం హల్లుల స్వభావంలో ఉంది. క, గ, త, ప పలికేటప్పుడు నోట్లో గాలి పూర్తిగా ఆగుతుంది. ‘స’కు సన్నగా రాసుకుంటూ పోతుంది. న, మ ఇంకాస్త నిండుగా వినిపిస్తాయి. ర, ల వాటికంటే నిండుగా ఉంటాయి. అన్నిటికన్నా నిండైనవి అచ్చులు. భాషాశాస్త్రం ఈ నిండుదనాన్ని సొనారిటీ అంటుంది. ఒక్క ఊపులో పలికే ముక్క, అంటే సిలబుల్, కొండ ఎక్కి దిగినట్టు సాగుతుంది: అచ్చు దాకా నిండుదనం పెరగాలి, అచ్చు దాటాక తగ్గాలి.

‘గ్లా’లో గ నుంచి ల మీదుగా ఆ దాకా ఎక్కుడే. గ వదిలి ల పట్టే సందులో చిన్న అచ్చులాంటిది ఎలాగూ వినిపిస్తుంది. ‘గలాసు’ దాన్నే పెద్దది చేసింది. ‘స్కూ’లో స నుంచి క కు దిగి మళ్లీ ఎక్కాలి, క్రమం చెడింది. ముందు ‘ఇ’ చేరగానే మాట ఇస్-కూ-లు అని విడిపోతుంది. స్ వెనకటి సిలబుల్‌ను మూస్తుంది, క తర్వాతిదాన్ని మొదలుపెడుతుంది. స్పానిష్‌వాళ్లూ బడిని ‘ఎస్కువేలా’ అంటారు.

రాతలో ‘స్కూ’ ఒకే అక్షరమైనా, పలుకులో హద్దు దాని మధ్యనే పడుతుంది. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువయ్యేదీ ఇందుకే.

తెలుగు తన సొంత మాటల్లోనూ ఈ క్రమాన్నే పాటించింది. తమిళంలో ‘మరం’ అన్న చెట్టుకు పాత తెలుగు మాట ‘మ్రాను’. ర ముందుకు జరిగి మ పక్కన చేరింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వచ్చిన తన పుస్తకం ‘తెలుగు వెర్బల్ బేసెస్’లో ఇలాంటి జరుగుబాట్లను పరిశీలించారు. క్రొత్త, ప్రాత, త్రాగు, క్రింద... వీటన్నిటిలోనూ ర రెండోదే. ‘ర్క’తో మొదలయ్యే తెలుగు మాట లేదు.

ఈ సూత్రానికి ఎదురులేదని అనుకోకూడదు. ఇంగ్లిషు ‘స్కూల్’ను అలాగే పలుకుతుంది. రష్యన్‌లో నోటిని ‘రోత్’ అంటారు, ‘నోటి యొక్క’ అనాలంటే ‘ర్తా’ అంటారు. అక్కడ త కంటే ర ముందుంది. కాబట్టి ఇది భాషల మొగ్గే తప్ప శాసనం కాదు.

తెలుగు వాడుకలో ఆ ఎక్కుడు జంటలు కూడా తర్వాత తేలికపడ్డాయి. మ్రాను మానైంది, క్రొత్త కొత్తైంది, త్రాగు తాగైంది. ప్రేమ, క్రమం లాంటి సంస్కృత పదాల్లోనూ, ట్రైను, ప్లేటు లాంటి ఇంగ్లిషు పదాల్లోనూ జంట హల్లులు నేటికీ నిలిచే ఉన్నాయి.