అతిథికో నంబరు, పనావిడకో నంబరు

హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు విశాఖలో తెల్లవారుతుండగా దిగుతారు. పిల్లాపాపలతో, సామాన్లతో ఆటో ఎక్కి, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న ఫ్లాటుకి చేరేసరికి తాళం తీసి ఇచ్చే మనిషి ఉండాలి కదా! ఇంటాయన ఉండేది హైదరాబాదులోనో డల్లాస్‌లోనో. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి పెడితే సరిగ్గా ఆ వేళకే ఆయన ఎక్కడికో వెళ్లి ఉంటాడు. రోజువారీ అద్దెకిచ్చేవాళ్లు నంబరు నొక్కితే తెరుచుకునే స్మార్ట్ తాళాల వైపు, గోడకి బిగించే కీ బాక్సుల వైపు మళ్లింది ఇందుకే. అతిథి ఎవరి కోసమూ ఎదురుచూడకుండా తానే తలుపు తీసుకుని వెళ్లడాన్ని సెల్ఫ్ చెకిన్ అంటున్నారు.

తాళం కొనడం పెద్ద పని కాదు. కొన్న చోటి నుంచే మనిషి వచ్చి బిగించిపోతాడు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది: ఎవరికి ఏ నంబరు ఇచ్చాం, అది ఎప్పటిదాకా పనిచేస్తుంది, ఎప్పుడు చచ్చిపోతుంది అన్నది చూసుకోవడం.

లాసన్స్ బే కాలనీలో రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. యజమాని ఊళ్లో ఉండరు. అతిథులు ఉదయం 11కి ఖాళీ చేయాలి, కొత్తవాళ్లు మధ్యాహ్నం 2కి రావాలి. నడుమ ఉన్న మూడు గంటల్లో పనావిడ వచ్చి దుప్పట్లు మార్చి, బాత్‌రూములు కడిగి వెళ్లాలి. ఒకే తలుపు, ముగ్గురు మనుషులు.

ముందు ఆ తలుపు సంగతి. మన సింహద్వారాలకి బయట గడియ, లోపల బోల్టు ఉంటాయి. స్మార్ట్ తాళం పెట్టాక కూడా వాటిని అలాగే వదిలేస్తే, వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరు అలవాటుగా గడియ పెట్టి, దొరికిన కప్ప తాళం వేసిపోతారు. అప్పుడు ఏ నంబరూ పనిచేయదు. బయటి గడియ తీయించేయాలి. గ్రిల్ తలుపు ఉంటే దానికి తాళం వేయకూడదు, లేదా దాని చెవి ఎక్కడుంటుందో అతిథికి ముందే చెప్పాలి. రెండో చిక్కు వానాకాలంలో వస్తుంది. సముద్రపు గాలికి, తేమకి టేకు తలుపు ఉబ్బుతుంది. తాళం నాలుక చట్రంలోని రంధ్రంలోకి సూటిగా దిగక అంచుకి రాసుకుంటుంది. చేత్తో వేసే తాళమైతే తలుపుని కాస్త నొక్కి తిప్పేస్తాం. మోటరుకి ఆ తెలివి లేదు. అది మూలుగుతూ నెట్టి నెట్టి బ్యాటరీ తినేస్తుంది, చివరికి ఎర్ర లైటు వేసి ఊరుకుంటుంది. తలుపు తెరిచి ఉంచి తాళం నడిపితే హాయిగా తిరిగి, మూసి నడిపితే మొరాయిస్తోందంటే తప్పు తాళానిది కాదు. వడ్రంగిని పిలిచి చట్రంలో రంధ్రం కాస్త పెద్దది చేయిస్తే సరిపోతుంది.

ఇప్పుడు నంబర్ల విషయం. తాళంలో ఇంటర్నెట్ లేకపోయినా, యజమాని ఎక్కడో కూర్చుని ఫోన్లో నంబరు పుట్టించి పంపితే తలుపు తెరుచుకుంటుంది. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. తాళాన్ని మొదటిసారి యాప్‌తో కలిపినప్పుడు ఒక రహస్య సంఖ్య దానిలోనూ, కంపెనీ సర్వర్లోనూ నమోదవుతుంది. ఆ రహస్యాన్నీ, మీరు ఎంచుకున్న తేదీ, వేళల్నీ కలిపి లెక్కకట్టి సర్వర్ ఒక నంబరిస్తుంది. అతిథి ఆ నంబరు నొక్కగానే తాళం తన గడియారం చూసుకుని అదే లెక్క తాను కూడా కడుతుంది. కుదిరితే తెరుచుకుంటుంది. మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోనక్కర్లేదు. టీటీలాక్ యాప్‌తో నడిచే తాళాలది ఈ పద్ధతే.

ఈ సౌకర్యానికి రెండు మెలికలు ఉన్నాయి. ఇలా పుట్టిన నంబరుని మొదలు వేళ నుంచి 24 గంటల్లోపు ఒక్కసారైనా వాడాలి, లేకపోతే అది చెల్లదు. శనివారం మధ్యాహ్నం 2 నుంచి సోమవారం 11 దాకా నంబరు పంపారు. అతిథి ప్రయాణం వాయిదా పడి ఆదివారం సాయంత్రం 5కి వచ్చారు. గడువు సోమవారం దాకా ఉంది కదా అనుకుంటాం గానీ, శనివారం నుంచి ఒక్కసారీ వాడలేదు కాబట్టి తలుపు తెరుచుకోదు. కొత్త నంబరు పుట్టించి పంపాల్సిందే. రెండో మెలిక దీనికి తిరగలి. అతిథి ఒకసారి వాడిన నంబరు గడువు దాకా బతికే ఉంటుంది. ఆయన ఆదివారమే ఖాళీ చేసి వెళ్లిపోయినా సరే, దాన్ని దూరం నుంచి చెరిపేయడానికి లేదు. తాళం పక్కన నిలబడి బ్లూటూత్‌తో చెరపాలి, లేదా ఇంట్లో వైఫైకి కలిపిన గేట్‌వే అనే చిన్న పెట్టె ఉండాలి. ఊళ్లో ఉండని యజమానికి ఆ గేట్‌వే తప్పనిసరి అని నా అభిప్రాయం. గేట్‌వే ఉంటే మనకి నచ్చిన నంబరు కూడా పెట్టొచ్చు. అతిథి ఫోను నంబరులో చివరి అంకెలు పెడితే తెల్లవారుజామున మెసేజ్ వెతుక్కునే బాధ ఆయనకి ఉండదు.

ఇంత లెక్కా నడిచేది తాళం లోపలి గడియారం మీద. అది మెల్లగా ముందుకో వెనక్కో జరుగుతుంది. బ్యాటరీలు మార్చినప్పుడు ఒక్కోసారి పూర్తిగా తప్పుతుంది. దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది: యజమాని శాశ్వత నంబరు పనిచేస్తోంది గానీ గడువున్న అతిథి నంబరు పనిచేయడం లేదంటే, చూడాల్సింది గడియారాన్నే. యాప్‌లో సమయం సరిచేస్తే చాలు. విదేశాల్లో ఉండే యజమానులు ఇంకొకటి గమనించాలి. కొన్ని యాప్‌లు ఫోను ఉన్న ఊరి వేళ తీసుకుంటాయి. డల్లాస్ మధ్యాహ్నం 2 అంటే మనకి అర్ధరాత్రి దాటాక. మొదటి నంబరు అతిథికి పంపేముందు వాచ్‌మన్‌తోనో తమ్ముడితోనో ఒకసారి నొక్కించి చూసుకోవడం మంచిది.

ఇక పనావిడ. చాలామంది చేసేదేమిటంటే యజమాని వాడే శాశ్వత నంబరే ఆవిడకీ చెప్పేస్తారు. ఆవిడ రాని రోజున చెల్లెల్ని పంపిస్తూ అదే చెబుతుంది. ఏసీ బాగుచేసే కుర్రాడొస్తే మళ్లీ అదే. ఆరు నెలలు తిరిగేసరికి ఆ నంబరు ఎంతమంది నోట్లో ఉందో ఎవరికీ తెలియదు. మార్చాలంటే అందరికీ మళ్లీ చెప్పాలి కాబట్టి ఎవరూ మార్చరు. ఎవరి నంబరు వాళ్లకే ఇస్తే, పని మానేసినవాళ్లది ఒక్కటి తీసేస్తే సరిపోతుంది. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లయినా ఏజెన్సీ మొత్తానికి ఒక నంబరు కాకుండా మనిషికొకటి ఇవ్వాలి. రోజూ 11 నుంచి 2 దాకా మాత్రమే పనిచేసేలా పెట్టొచ్చు. అయితే బొత్తిగా బిగించకండి. అతిథి ఆలస్యంగా ఖాళీ చేస్తే ఆవిడ పని రెండున్నర దాకా సాగుతుంది. చెత్త పారేయడానికి కిందికెళ్లి వచ్చేలోపు తలుపు తానే తాళం పడిపోతే ఆవిడ బయటే నిలబడిపోతుంది.

"బాబూ, నొక్కుతుంటే ఎర్ర లైటొస్తంది, బకెట్టు లోపలుండిపోయింది" అని ఫోను వస్తుంది. మూడు దాకా పెడితే ఆ బాధ లేదు.

వేలిముద్ర పెట్టేద్దాం, నంబరు గోలే ఉండదు అంటారు కొందరు. రోజంతా సబ్బునీళ్లలో చేతులు నానేవాళ్లకి వేలిగీతలు అరిగిపోతాయి. తాళం గుర్తుపట్టదు. ఆవిడకి కార్డు గానీ, గుర్తుండే నంబరు గానీ ఇవ్వడమే నయం. నంబరు ఉన్నా సరే, ముందు కాలింగ్ బెల్ కొట్టి తర్వాతే తెరవాలన్నది నియమంగా చెప్పండి. రెండు మూడు రోజులు ఉండే అతిథులున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. యాప్‌లో ఎవరి నంబరుతో ఏ వేళకి తలుపు తెరుచుకుందో రాసి ఉంటుంది. అది తెరిచిన వేళే, వెళ్లిన వేళ కాదు. దాన్ని పట్టుకుని కూలి కోసేవాళ్లు లెక్క తప్పుతారు.

స్మార్ట్ తాళాల్లో ఎక్కువగా వాడేవి నాలుగు పెన్సిల్ సెల్స్. ఆల్కలైన్ సెల్స్ వేయాలి, పాతవీ కొత్తవీ కలపకూడదు. తాళం బ్యాటరీ అయిపోతోందని ముందే కూస్తుంది, కానీ ఆ కూత వినేది అతిథి, మనం కాదు. అందుకే హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఆరు నెలలకొకసారి మార్పించేయడం మేలు. పూర్తిగా చచ్చిపోతే, చాలా తాళాలకి కింది అంచున ఛార్జరు పెట్టే రంధ్రం ఉంటుంది. పవర్ బ్యాంకు తగిలించి నంబరు నొక్కితే తెరుచుకుంటుంది. ఈ మాట అతిథికి పంపే సూచనల్లో ఫొటోతో సహా ఉండాలి.

దానికీ లొంగకపోతే తాళంచెవే దిక్కు, అది ఉండాల్సింది కీ బాక్సులో. తలుపు పక్కనే కాకుండా పార్కింగ్ దగ్గరో మెట్ల కిందో గోడకి స్క్రూలతో బిగించాలి. కొనేటప్పుడు ఒకటి చూడండి. బటన్లు నొక్కే మామూలు కీ బాక్సుల్లో చాలావాటికి అంకెల వరస పట్టదు. 2, 5, 7, 9 ఏ వరసలో నొక్కినా తెరుచుకుంటాయి, ఒక అంకెని రెండుసార్లు వాడటానికీ లేదు. పది బటన్లలో నాలుగు ఎంచుకునే విధాలు 210 మాత్రమే. ఒక్కోదానికి పది సెకన్లు పట్టినా 35 నిమిషాల్లో అన్నీ నొక్కేయొచ్చు. పైగా నంబరు మార్చకపోతే ఆ నాలుగు బటన్లే అరిగి తెల్లబడి ఊరందరికీ చెప్పేస్తాయి. నాలుగు చక్రాలు తిప్పే రకంలో 10,000 కలయికలుంటాయి. అయితే తీసినవాళ్లు అంకెల్ని చెదరగొట్టకుండా అలాగే వదిలేస్తే ఆ పదివేలూ వృథా. బాక్సు నంబరు ముందుగా ఎవరికీ చెప్పొద్దు. అవసరం పడ్డప్పుడే ఫోన్లో చెప్పి, ఆ అతిథి వెళ్లాక పనావిడతో మార్పించండి. చెవి తిరిగి బాక్సులోకి వచ్చిందో లేదో కూడా ఆవిడే చూడాలి.

నంబరు పంపే ముందు అతిథుల గుర్తింపు కార్డులు తీసుకోవడం మానకండి. ఎదురుగా నిలబడి చూసే మనిషి లేడు కదా అని ఆ పని వదిలేయడానికి లేదు. విదేశీయులైతే వచ్చిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నింపాలి. ఈ గుర్తింపు చిక్కు మనకే పరిమితం కాదు. 2024 నవంబరులో ఇటలీ హోంశాఖ అతిథుల్ని ముఖాముఖి చూసి గుర్తించాలని ఉత్తర్వు ఇచ్చింది, దాని మీద అక్కడ కోర్టుల్లో వాదనలు నడిచాయి. కార్డులు అందాక వాళ్ల పేర్లు, వచ్చే వేళ అపార్ట్‌మెంటు గేటు దగ్గర చెప్పి ఉంచండి. ఫ్లాటు నంబరు చేతిలో ఉండి కూడా కింద గేటు దగ్గర ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ.

ఏ తాళం కొనాలని అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునేది, గేట్‌వే పెట్టుకునే వీలున్నది కొనండి. ఈ రెండూ లేని తాళం ఎంత చవకగా వచ్చినా అద్దె ఇంటికి పనికిరాదు.