రిక్రూటర్ దగ్గర పాత రెజ్యూమే ఉండిపోతే

సెలీనియం, ఏపీఐ టెస్టింగ్ తెలిసి ఉండాలి. ఐదేళ్ల అనుభవం కావాలి. హైదరాబాద్‌లో పని, రెండు నెలల్లోపు చేరాలి. ఓ కంపెనీ నుంచి ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తే కన్సల్టెన్సీలోని రిక్రూటర్ ముందుగా తన డేటాబేస్ తెరుస్తారు. ఆ మాటలే టైప్ చేసి, ఊరు, నోటీస్ పీరియడ్ ఫిల్టర్లు పెట్టి వెతుకుతారు. వచ్చిన పేర్లలో ఈమధ్య అప్‌డేట్ అయిన వాళ్లకే ముందు ఫోన్ వెళ్తుంది.

ఇక్కడే చాలామందికి అవకాశం చేజారుతుంది. ఓ టెస్టింగ్ ఇంజినీర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రెండేళ్ల కిందట అతను రిక్రూటర్‌కు రెజ్యూమే ఇచ్చినప్పుడు చేసింది మాన్యువల్ టెస్టింగ్. బెంగళూరైనా సరే అన్నాడు. నోటీస్ 90 రోజులు. తర్వాత ప్రాజెక్టులో ఆటోమేషన్‌కు మారాడు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, పాప పుట్టడంతో హైదరాబాద్ వదలకూడదనుకున్నాడు. ఇవేవీ డేటాబేస్‌కు తెలియవు. కావలసిన ఉద్యోగం వచ్చినప్పుడు అతని పేరు కనిపించదు. బెంగళూరులో మాన్యువల్ టెస్టింగ్ ఉద్యోగాలకు మాత్రం ఫోన్లు వస్తూనే ఉంటాయి.

దీన్ని సరిచేయడానికి ఒక చిన్న మెయిల్ చాలు. అతను ఇలా రాయొచ్చు:

"నమస్తే మేడమ్. టెస్టింగ్ ఉద్యోగం కోసం రెండేళ్ల కిందట మీతో మాట్లాడాను. అప్పటినుంచి మారినవి చెబుతున్నాను. ఎనిమిది నెలలుగా ప్రాజెక్టులో సెలీనియం, జావాతో ఆటోమేషన్ చేస్తున్నాను. మా రిగ్రెషన్ సూట్‌లో 120 టెస్ట్ కేసులు నేను రాసినవే. జూన్‌లో ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పాసయ్యాను. ఇకపై హైదరాబాద్‌లోనే చూస్తున్నాను, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రాగలను. నోటీస్ 60 రోజులు. తొందరేం లేదు, ఆటోమేషన్ పనైతే మాట్లాడతాను. కొత్త రెజ్యూమే జతచేశాను. కంపెనీ పేరు నాకు చెప్పాకే ప్రొఫైల్ పంపండి."

చదవడానికి అర నిమిషం పట్టదు. అయినా రిక్రూటర్ మార్చాల్సిన ప్రతి గడీ ఇందులో ఉంది. "ఆటోమేషన్ వచ్చు" అని ఊరుకోకుండా ఎన్ని నెలలు, ఏ టూల్‌తో, ఎంత పని చేశాడో చెప్పాడు కాబట్టి రిక్రూటర్ ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా కంపెనీకి పంపగలరు. కోర్సు వీడియోలు చూసి దాన్నే అనుభవంగా రాస్తే మొదటి టెక్నికల్ రౌండ్‌లోనే బయటపడుతుంది. అప్పుడు కంపెనీ దగ్గర రిక్రూటర్ మాట కూడా పోతుంది, ఆ తర్వాత ఆ అభ్యర్థికి ఫోన్ రాదు. నేర్చుకుంటున్న దాన్ని నేర్చుకుంటున్నానని రాయడమే మేలు.

సర్టిఫికెట్ విషయంలో తేదీ కూడా ముఖ్యం. ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్‌కు గడువు లేదు. అమెజాన్ ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మాత్రం మూడేళ్లే చెల్లుతుంది. గడువు దాటినదాన్ని రెజ్యూమేలో అలాగే ఉంచితే వెరిఫికేషన్‌లో ఇబ్బంది వస్తుంది.

మరి ఎన్నాళ్లకోసారి రాయాలి? మారినది ఉంటే మూడు నాలుగు నెలలకోసారి సరిపోతుంది. ఊరు, నోటీస్ పీరియడ్, ఆశించే జీతం మారితే మాత్రం ఆగకూడదు, అదే వారం చెప్పాలి. వారం వారం "ఏమైనా ఉన్నాయా" అని మెసేజ్ పెడితే రిక్రూటర్ చదవడం మానేస్తారు. జవాబు రాకపోయినా కంగారు పడనక్కర్లేదు. రిక్రూటర్‌కు ఫీజు ఇచ్చేది కంపెనీ. మన దేశంలో అది ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం ఉండటం మామూలే. సరిపోయే ఖాళీ వచ్చినప్పుడే వాళ్లకు పని. మెయిల్ పంపినంత మాత్రాన ఖాళీ పుట్టదు.

ఈ వివరాలు నమ్మకమైనవాళ్లకే పంపాలి. ప్రొఫైల్ ఎక్కడికి పంపుతున్నారో ముందే అడిగేవాళ్లు, అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోనివాళ్లు, వేతన వివరాలు బయటికి పొక్కనివ్వనివాళ్లు ఒకరిద్దరు చాలు. పదిమందికి పంపితే ఒకే రెజ్యూమే ఒకే కంపెనీకి రెండు దారుల్లో చేరవచ్చు. ఫీజు ఎవరికివ్వాలన్న పేచీ ఎందుకని కంపెనీ ఆ ప్రొఫైల్‌నే పక్కన పెట్టేసే సందర్భాలున్నాయి. అందుకే ఎవరి ద్వారా ఏ కంపెనీకి, ఏ తేదీన వెళ్లిందో రాసి పెట్టుకోవాలి. ఇక ఆధార్, పాన్ కాపీలు ఈ దశలో ఎవరికీ అవసరం లేదు.

వేరే దారిలో ఉద్యోగం దొరికినా ఓ కబురు పంపాలి. "ఫలానా తేదీన కొత్త చోట చేరాను, ఏడాదిన్నర వరకు మారను" అని రాస్తే రిక్రూటర్ ఆ పేరును పక్కకు తీసి, అప్పటిదాకా అనవసరంగా ఫోన్ చేయరు.