కొత్త టెంప్లేటు, కొత్త రంగులు: టీముకు రాసే నోటులో ఏముండాలి?

కంపెనీ లోగో మారుతుంది. దాంతోపాటు రంగులూ, స్లైడ్ల టెంప్లేటూ మారతాయి. డిజైన్ చేసినవాళ్లు వాటి గురించి పెద్ద పుస్తకమే తయారుచేసి ఇస్తారు. అమ్మకాలు, లెక్కలు చూసుకునేవాళ్లు ఆ పుస్తకం చదవరు, చదవనక్కర్లేదు కూడా. వాళ్లకు అరపేజీ నోటు చాలు. టీము లీడరు కూర్చుని దాన్ని రాస్తారు: ‘ఇకపై మన ప్రధాన రంగు ముదురు నీలం, కోడు 0B2E4F. రెండో రంగు ముదురు పసుపు, కోడు F9A825. అందరూ తప్పక పాటించాలి.’

చూడటానికి ఇది స్పష్టంగానే ఉంది. కానీ చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కోడు చేతికిస్తే జనం ఏం చేస్తారు? పవర్‌పాయింట్‌లో More Colors తెరిచి ఆ ఆరు అక్షరాలూ టైపు చేస్తారు. ఒకరు సున్నా బదులు ఓ కొడతారు, మరొకరు పాత స్లైడు నుంచి దగ్గరి రంగు ఎత్తుకొస్తారు. అందరూ సరిగ్గానే కొట్టారనుకున్నా ఆ రంగు ఆ గీతకో పెట్టెకో అతుక్కుపోతుంది. రేపు కంపెనీ నీలాన్ని కాస్త మారిస్తే, అలా అతుక్కున్న ప్రతి చోటునూ వెతికి చేత్తో మార్చుకోవాలి.

అందుకే నోటులో ముందు చెప్పాల్సింది రంగు ఎక్కడ దొరుకుతుందో. పవర్‌పాయింట్‌లో ప్రతి ప్రెజెంటేషన్ వెనకా పన్నెండు రంగుల గళ్లుంటాయి. అక్షరాలకూ నేపథ్యానికీ నాలుగు, Accent 1 నుంచి Accent 6 దాకా ఆరు, లింకులకు రెండు. రంగులు ఎంచుకునే పెట్టెలో Theme Colors కింద కనిపించే పది నిలువు వరుసలు వీటిలో మొదటి పదీ. ఇది పోపులపెట్టె లాంటిది. వంట చేసేవాళ్లు ‘మూడో గిన్నెలోంచి ఒక చెంచా’ అని వేసుకుంటారు తప్ప ప్రతిసారీ కొట్టు నుంచి సరుకు తెచ్చుకోరు. స్లైడులోని పెట్టెకు Accent 1 వేస్తే, ఫైలు గుర్తుపెట్టుకునేది ‘నీలం’ అని కాదు, ‘ఒకటో గడి’ అని. గడిలో రంగు మారితే ఆ పెట్టె రంగూ తనంతట తానే మారుతుంది. మౌస్‌ను ఒక గడి మీద కాసేపు ఆపితే దాని పేరు కనిపిస్తుంది. కాబట్టి నోటులో ‘నీలం అంటే Accent 1, పసుపు అంటే Accent 2’ అని ఉంటే సరిపోతుంది. ఆరక్షరాల కోడు అచ్చు పనులు చూసేవాళ్లకూ వెబ్‌సైటు చూసేవాళ్లకూ పంపితే చాలు.

అయితే గళ్లు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఒక విత్తనాల కంపెనీ ఉందనుకుందాం. దాని పాత టెంప్లేటులో Accent 1 ఆకుపచ్చ, Accent 2 ఎరుపు. చార్టు వేస్తే పవర్‌పాయింట్ మామూలుగా గళ్లను వరుసక్రమంలోనే వాడుకుంటుంది. అలా జిల్లాలవారీ చార్టులో వసూలైన బాకీలు ఆకుపచ్చలో, గడువు దాటినవి ఎరుపులో వచ్చాయి. స్లైడు కింద ఎవరో ‘ఎరుపులో ఉన్నవి గడువు దాటిన బాకీలు’ అని ఒక వాక్యం కూడా రాశారు. ఇప్పుడు కొత్త టెంప్లేటు వేశారు. వసూలైనవి నీలమయ్యాయి, గడువు దాటినవి పసుపయ్యాయి. కింద వాక్యం మాత్రం ఎరుపనే అంటోంది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఫైలు చక్కగా తెరుచుకుంది, స్లైడు అందంగానే ఉంది. సమావేశంలో కూర్చున్న డీలరుకు మాత్రం ఏది ఏదో అర్థం కాదు. ఇలాంటి తప్పు కంటికి ఆనదు కాబట్టి నాకు దీనిమీదే ఎక్కువ పట్టింపు.

దీనికి రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది టెంప్లేటు తయారుచేసేవాళ్లు తీసుకోవాల్సింది: హెచ్చరికకు వాడే ఎరుపు లాంటి రంగులకు ముందే ఒక గడి కేటాయించి, మళ్లీ ఎప్పుడూ దాని స్థానం మార్చకూడదు. రెండోది టీము తీసుకోవాల్సింది: చార్టులో అర్థాన్ని రంగు ఒక్కదానిమీదే వదిలేయకుండా గీత పక్కనే ‘గడువు దాటినవి’ అని పేరు రాయాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా కనబడనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, ఏ పెద్ద సమావేశంలోనైనా ఒకరిద్దరు ఉండే అవకాశముంది. నలుపు తెలుపుల్లో ప్రింటు తీసినప్పుడు అందరి పరిస్థితీ అదే.

తర్వాతి మాట, ఏ రంగు మీద ఏ రంగు అక్షరాలు వేయవచ్చో. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ దీనికొక కొలత పెట్టింది. రెండు రంగుల వెలుగుల మధ్య నిష్పత్తి మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి, 18 పాయింట్లు అంతకుమించిన పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. మన విత్తనాల కంపెనీ రంగులనే కొలిచి చూద్దాం. తెలుపు మీద ముదురు నీలం అక్షరాలు వేస్తే నిష్పత్తి దాదాపు 13.8. ఎంత చిన్న అక్షరాలైనా చదవొచ్చు. పసుపు మీద అదే నీలం వేస్తే 7, అదీ బాగానే ఉంది. తెలుపు మీద పసుపు వేస్తే 2 కూడా రాదు. పసుపు పెట్టెలో తెల్ల అక్షరాలు వేసినా అదే లెక్క. ల్యాప్‌టాప్ తెర మీద కొత్త రంగు మెరిసిపోతూ ఉంటుంది కాబట్టి రాసినవాళ్లకు అందులో లోపమేమీ కనిపించదు. లైట్లు వెలుగుతున్న హాల్లో, పాత ప్రొజెక్టరులో ఆ శీర్షిక గోడలో కలిసిపోతుంది. స్లైడు మీద అక్షరాలు పెద్దవే కాబట్టి 3 చాలని వాదించవచ్చు. కానీ గదిలోని వెలుతురు ఆ తేడాను ఇంకా తగ్గిస్తుంది కనుక 4.5నే పట్టుకోవడం మంచిది. ఇన్ని అంకెలు నోటులో అక్కర్లేదు. ‘పసుపును గీతలకూ పెట్టెలకూ వాడండి, తెల్లటి చోట అక్షరాలకు వాడకండి’ అన్న ఒక్క వాక్యం చాలు.

ఇక పాత ఫైళ్లు. టెంప్లేటు మార్చేస్తే పాత ప్రెజెంటేషన్లన్నీ వాటంతటవే మారిపోతాయని చాలామంది అనుకుంటారు. మారవు. .potx ఫైలును రెండుసార్లు క్లిక్ చేస్తే దాని నకలుగా కొత్త ప్రెజెంటేషన్ ఒకటి తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఆ రెంటికీ సంబంధం ఉండదు. పాత ఫైలుకు కొత్త రూపం కావాలంటే దాన్ని తెరిచి, Design కింద థీమ్‌ల జాబితాలో Browse for Themes నొక్కి, కొత్త టెంప్లేటును చూపించాలి. గళ్ల ద్వారా వేసిన రంగులు వెంటనే మారతాయి. మారకుండా మొండికేసినవి ఎవరో చేత్తో కోడు కొట్టి వేసినవి, లేదా బొమ్మలుగా అతికించినవి. రాతలోనూ ఇదే తేడా ఉంది. టెంప్లేటు ఇచ్చిన చోట్లలో రాసినవి కొత్త అమరికలోకి సర్దుకుంటాయి, విడిగా టెక్స్ట్ బాక్స్ గీసి రాసినవి ఉన్నచోటే ఉండిపోతాయి. ఏది ఏమిటో తెలియాలంటే Outline View తెరవండి. టెంప్లేటు చోట్లలో ఉన్న రాత అక్కడ కనిపిస్తుంది, విడి బాక్సుల్లోది కనిపించదు. స్లైడు నిండా రాత ఉండి అవుట్‌లైన్ ఖాళీగా ఉంటే, ఆ స్లైడును మళ్లీ మొదటి నుంచి చేసుకోవడమే తక్కువ పని.

పాత స్లైడును కొత్త ఫైలులో అతికించేటప్పుడు Keep Source Formatting ఎంచుకుంటే ఆ స్లైడు తన పాత టెంప్లేటును మొత్తం వెంటబెట్టుకుని వస్తుంది. అలా నాలుగైదుసార్లు జరిగిన ఫైలులో Slide Master తెరిస్తే ఎడమవైపు నాలుగైదు మాస్టర్లు వరుసగా కనిపిస్తాయి. రంగుల గళ్లు స్లైడు స్లైడుకూ మారిపోతుంటే కారణం చాలావరకు ఇదే. Use Destination Theme ఎంచుకుంటే ఈ తలనొప్పి రాదు.

తెలుగులో స్లైడ్లు చేసే టీముకు ఇంకో మాట చెప్పాలి. కంపెనీ కోసం ఎంచుకున్న ఇంగ్లీషు ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలుండవు. అప్పుడు విండోస్ తన దగ్గరున్న నిర్మలా యూఐ లాంటి ఫాంటును తెచ్చి పెడుతుంది, మాక్ మరొకటి పెడుతుంది. ఒకే స్లైడు రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా విరుగుతుంది. పవర్‌పాయింట్ మామూలు థీమ్‌లో వరుసల ఎడం 0.9 ఉంటుంది. ఇంగ్లీషుకు అది సరిపోవచ్చు గానీ, తెలుగులో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. టెంప్లేటు పరీక్షించేటప్పుడు పై వరుసలో ‘రాష్ట్రంలో’, దాని కిందే ‘కిలో’ వచ్చేలా టైపు చేసి చూస్తే తెలిసిపోతుంది. సరిచేయాల్సింది ప్రతి స్లైడులోనూ కాదు, Slide Masterలో ఒక్కసారి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు ఒకటి నిర్ణయించి అందరి కంప్యూటర్లలో వేయించాలి.

ఇదంతా టీము లీడరుకు తెలియాల్సింది. టీముకు వెళ్లే నోటు మాత్రం చిన్నదే. మన విత్తనాల కంపెనీలో అది ఇలా ఉండవచ్చు:

‘అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి డీలర్లకూ బ్యాంకులకూ చూపించే ప్రెజెంటేషన్లు కొత్త టెంప్లేటులో చేద్దాం. టీము ఫోల్డరులో Sales_Template.potx ఉంది, రెండుసార్లు క్లిక్ చేస్తే కొత్త ఫైలు తెరుచుకుంటుంది.

రంగులు Theme Colors నుంచే తీసుకోండి, More Colors వాడకండి. నీలం Accent 1, పసుపు Accent 2. హెచ్చరికకు ఎరుపు Accent 4 మాత్రమే. పసుపుతో తెల్లటి చోట అక్షరాలు రాయకండి. చార్టులో ప్రతి గీత పక్కన పేరు రాయండి.

పాత స్లైడు తెచ్చుకుంటే Use Destination Theme ఎంచుకుని, రంగుల గురించి రాసిన వాక్యాలు మళ్లీ చదవండి. ఇప్పటికే బయటికి పంపినవీ, ఈ నెల టెండరువీ మార్చనక్కర్లేదు. తెలుగు స్లైడ్లకు నోటో సాన్స్ తెలుగు. ఏదైనా కుదరకపోతే ఆ స్లైడు నాకు పంపండి, కలిసి చూద్దాం.’

ఇందులో మార్చనక్కర్లేనివేమిటో చెప్పిన వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే జాగ్రత్త ఎక్కువున్న ఉద్యోగి మూడేళ్ల పాత ఫైళ్లన్నీ ముందేసుకుని వారమంతా కూర్చుంటాడు. పనిలో తలమునకలైన ఉద్యోగి అసలు ఏదీ ముట్టుకోడు. అవతలి సంస్థ తన టెంప్లేటులోనే ఇవ్వమని అడిగిన సందర్భాల్లోనూ మన రంగులు పట్టుకుని వేలాడనక్కర్లేదు. లోగో సరిగ్గా పెడితే చాలు.

నోటు పంపిన వారం తర్వాత కొత్తగా తయారైన ప్రెజెంటేషన్లు రెండు మూడు తెరిచి, Slide Masterలో ఎన్ని మాస్టర్లున్నాయో చూడండి. ఒక్కటే ఉంటే నోటు పనిచేసినట్టు. రెండో మూడో కనిపిస్తే ఆ స్లైడ్లు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎలా అతికిస్తున్నారో పక్కన కూర్చుని చూడండి. నోటులో ఏ వాక్యం మార్చాలో అక్కడ తెలుస్తుంది.