రెండు సైలెన్సర్ల బండి: జావా మళ్లీ రోడ్డెక్కిన వైనం

మూతపడ్డ కంపెనీ యంత్రాలు తుక్కుకు పోతాయి, పనివాళ్లు వేరే దారి చూసుకుంటారు, డీలర్లు బోర్డులు మార్చేస్తారు. మిగిలేది పేరు ఒక్కటే. ఆ పేరు మీద జనానికి ఇంకా అభిమానం ఉంటే దాన్ని మళ్లీ బజారుకు తేవచ్చు. అయితే ఆ పేరు కింద పెట్టే సరుకు పాతదిగానే ఉండాలా, కొత్తదై ఉండాలా, ఏది ఎంతవరకు అన్న లెక్క తేల్చుకోవడం తేలిక కాదు. మన దేశంలో ఈ లెక్క ఎలా కుదిరిందో, ఎక్కడ తప్పిందో చూడటానికి జావా మోటార్ సైకిల్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

జావా పుట్టింది చెకోస్లొవేకియాలో. ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ మోటార్ సైకిల్ విభాగాన్ని కొన్నాడు. తన పేరులోని మొదటి అక్షరాలకు వాండరర్ మొదటి అక్షరాలు కలిపి బండికి పేరు పెట్టాడు. ఇరానీ కుటుంబం ఆధ్వర్యంలో 1960 దశకం మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం వెలిసింది. 1970 దశకంలో ఆ బండ్లకు యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. తర్వాత ఇరవై రెండేళ్లపాటు జావా కొత్త బండి అంటూ మన రోడ్ల మీదికి రాలేదు. పాతవి మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఏటా జూలై రెండో ఆదివారం జావా దినం పేరుతో వాటి యజమానులు ఊరూరా ఒకచోట చేరుతూనే ఉన్నారు.

ఆ చివరి సంగతే కొత్తగా తేవాలనుకునేవారికి వరమూ, చిక్కూ. శీతల పానీయంతో పోల్చి చూస్తే విషయం తెలుస్తుంది. రిలయన్స్ 2022లో కాంపా కోలా పేరును సొంతం చేసుకుని, 2023 మార్చిలో ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమ్మకం మొదలుపెట్టింది. పాత కాంపా రుచితో పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఎవరి దగ్గరా పాత సీసా లేదు. చిన్న సీసా పది రూపాయలకే దొరకడం ముందు రుచి జ్ఞాపకం పెద్ద విషయం కూడా కాలేదు. జావాకు ఆ వెసులుబాటు లేదు. షోరూమ్ ముందు కొత్త బండి పక్కన ఎవరో ఒకరు 1965 నాటి బండిని తెచ్చి ఆపుతారు, అదీ నడిచే బండిని.

ఆ పాత బండి ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూడాలి. 250 సీసీ, ఒకే సిలిండర్, టూ స్ట్రోక్ ఇంజిన్. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. స్పీడోమీటరు, తాళంచెవి అన్నీ హెడ్‌లైట్ డొప్పలోనే ఉండేవి. మెరూన్ రంగు ట్యాంకు పక్కల క్రోమ్ మెరుపు, ఇరువైపులా కోడిగుడ్డు ఆకారపు డబ్బాలు. ఇక తెలియనివాళ్లు ఆశ్చర్యపోయేది ఎడమ కాలి దగ్గరి లివర్. గేర్లు మార్చేదీ అదే, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ కొట్టేదీ అదే. గేర్ లివర్ మీద కాలు పడగానే క్లచ్ తనంతట తానే విడిపోయే ఏర్పాటు కూడా ఉండేది. సిలిండర్ ఒక్కటే అయినా దానికి పొగ బయటికి పోయే దారులు రెండు. అందుకే కుడి ఎడమల రెండు సైలెన్సర్లు. ఆ రెండు గొట్టాల నుంచి వచ్చే లయే దూరం నుంచి వింటే జావా అని చెప్పేది.

దీన్ని మళ్లీ తేవాలంటే ముందు పేరు ఎవరిదో తేలాలి. మహీంద్రా సంస్థ, ఇరానీ కుటుంబానికి చెందిన బొమన్ ఇరానీ, అనుపమ్ తరేజా కలిసి క్లాసిక్ లెజెండ్స్ అనే కంపెనీ పెట్టారు. జావా పేరును చెక్ కంపెనీ నుంచి లైసెన్సు మీద తీసుకున్నారు. అది తేలికగానే జరిగింది. యెజ్డీ పేరు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. మూతపడ్డ ఐడియల్ జావా ఆస్తులు లిక్విడేటర్ చేతిలో ఉన్నాయి కాబట్టి, పేరు కూడా ఆ ఆస్తుల్లో భాగమేనన్న వాదన కోర్టుకెక్కింది. క్లాసిక్ లెజెండ్స్ 2022 జనవరిలో యెజ్డీ బండ్లు విడుదల చేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ పేరు ఐడియల్ జావాదేనని తీర్పు చెప్పింది. వివాదం అప్పీలుకు వెళ్లింది. బండి తయారై షోరూముల్లోకి వచ్చాక పేరు గురించి కోర్టులో నిలబడటం ఏ వ్యాపారికైనా ఇబ్బందే. నిద్రపోయిన బ్రాండ్ల విషయంలో ఇది తరచూ పట్టించుకోని మెట్టు. జనం మరిచిపోయినా అప్పులవాళ్లు పేరును మరిచిపోరు.

ఇక బండి సంగతి. ఏది వదలాలో చాలావరకు చట్టమే తేల్చేసింది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొంత పెట్రోలు కాలకుండానే పొగతోపాటు బయటికి పోతుంది, కలిపిన ఆయిల్ కూడా కాలి పొగ అవుతుంది. కొత్త కాలుష్య నిబంధనల కింద అలాంటి ఇంజిన్‌ను అమ్మడం సాధ్యపడే పని కాదు. కాబట్టి 2018 నవంబర్ 15న ముంబైలో విడుదలైన కొత్త జావాలో 293 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ వచ్చింది. దాని మూలం మహీంద్రా మోజో బండిలోని ఇంజిన్. గేర్లు ఆరు. నీళ్లతో చల్లబడేది కాబట్టి దీనికి రేడియేటర్ కావాలి. పాత జావాకు రేడియేటర్ లేదు, కంటికి అది కనబడితే భ్రమ చెదిరిపోతుంది. అందుకే దాన్ని ముందు చట్రం గొట్టాల మధ్య ఇరికించి, ఇంజిన్‌కు గాలితో చల్లబడే ఇంజిన్లకు ఉండేలాంటి రెక్కలు పెట్టారు. ఇది మోసం కాదా అని అడిగినవారూ ఉన్నారు. కొంచెం మోసమే. అయితే కొనేవాడికి తెలిసి జరిగే మోసం.

రెండు సైలెన్సర్ల విషయంలో ఆ ప్రశ్నే రాలేదు. మోజోలోనూ రెండు సైలెన్సర్లుండటం కలిసొచ్చింది. నిజానికి ఒక సిలిండర్ బండికి రెండో సైలెన్సర్ అదనపు బరువు, అదనపు ఖర్చు. లెక్కలు చూసే ఇంజినీరు మొదట తీసేసేది దాన్నే. అయినా వెనకనుంచి చూసి జావా అని గుర్తుపట్టేది దాని వల్లే కాబట్టి ఉంచారు. శబ్దం మాత్రం పాతది రాలేదు, రాదు కూడా. టూ స్ట్రోక్‌లో ఇంజిన్ తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు జరుగుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లు తిరిగితే ఒకటి. లయ పుట్టే చోటే మారిపోయాక గొట్టం ఆకారంతో దాన్ని తేలేరు. పాత జావా అభిమానులు కొత్త బండి మీద మొదట చెప్పిన అసంతృప్తి ఇదే.

లివర్ కథ ఇంకా ఆసక్తికరం. ఒకే లివర్‌తో గేరు, కిక్కు అనేది పాత యజమానులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే విశేషం. కొత్త బండిలో ఆ లివర్ లేదు, అసలు కిక్కే లేదు. సెల్ఫ్ స్టార్టర్ మాత్రమే. ఈ నిర్ణయం సరైనదే. జనం కథగా చెప్పుకునేదాన్ని, రోజూ వాడటానికి కోరుకునేదాన్ని వేరుచేసి చూడాలి. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరేటప్పుడు లివర్ తిప్పి కిక్ కొట్టాలని ఇప్పుడు ఎవరూ అనుకోరు. 1975లో పాతికేళ్ల వయసులో జావా కొన్నవాడికి 2018 నాటికి అరవై ఎనిమిదేళ్లు. అతను షోరూముకు వచ్చి ట్యాంకు నిమిరి చూస్తాడు, ఫొటో దిగుతాడు. డబ్బు కట్టేది అతని కొడుకో, జావాను సినిమాల్లో మాత్రమే చూసిన కుర్రాడో. కంపెనీ ఇది గ్రహించినట్టే ఉంది. అదే ఇంజిన్‌తో రెండు బండ్లు ఒకేరోజు తెచ్చింది. మెరూన్ రంగు, క్రోమ్ ట్యాంకుతో జావా 1.64 లక్షల రూపాయలు. క్రోమ్ తగ్గించి, మెరుపు లేని రంగులతో కుర్రకారుకు నచ్చేలా చేసిన ఫార్టీ టూ 1.55 లక్షలు. ఒకటి జ్ఞాపకం ఉన్నవాళ్లకు, ఇంకొకటి లేనివాళ్లకు.

దెబ్బ తగిలింది రూపం దగ్గర కాదు, సరఫరా దగ్గర. విడుదలైన నెలన్నర లోపే 2019 సెప్టెంబర్ దాకా తయారయ్యే బండ్లన్నీ బుక్ అయిపోయాయని ప్రకటించి ఆన్‌లైన్ బుకింగులు ఆపేయాల్సి వచ్చింది. మొదటి బండ్లు చేతికి అందడం 2019 మార్చి నెలాఖరులో గాని మొదలుకాలేదు. డబ్బు కట్టినవాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు. పాత బ్రాండుకు ఇది మరీ ప్రమాదం. కొత్త కంపెనీ ఆలస్యం చేస్తే జనం కొత్త కదా అని సర్దుకుంటారు. ఇరవై ఏళ్లుగా మనసులో పెట్టుకున్న పేరు ఆలస్యం చేస్తే చిన్నబుచ్చుకుంటారు. పేరు వల్ల వచ్చే గిరాకీ మెల్లగా పెరగదు, మొదటి రోజే పోటెత్తుతుంది. కర్మాగారం, డీలర్లు, మెకానిక్కులు మాత్రం సున్నా నుంచి మొదలవుతారు.

రెండో పొరపాటు నడిపితేగాని తెలియనిది. కొత్త ఇంజిన్ శక్తి 27 హార్స్ పవర్. పాత జావాతో పోలిస్తే రెట్టింపు పైమాటే. అయితే ఆ శక్తి ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడే బాగా అందేది. చూడటానికి నింపాదిగా సాగే పెద్దమనిషిలా ఉన్న బండి, నడిపేటప్పుడు తొందరపెట్టేది. ఈ తేడాను కంపెనీ దిద్దుకుంది. 2024 జనవరిలో దాని స్థానంలో జావా 350 వచ్చింది. ఇంజిన్ 334 సీసీకి పెరిగింది, శక్తి సుమారు 22కు తగ్గింది. లాగుడు మాత్రం తక్కువ వేగంలోనే అందేలా మార్చారు. చక్రాల మధ్య దూరం పెరిగి బండి నిలకడగా సాగింది. బజారులో అందరూ హార్స్ పవర్ పెంచుకుంటుంటే తగ్గించి అమ్మడానికి ధైర్యం కావాలి. పాత జావా నుంచి ఉంచుకోవాల్సింది దాని రూపం ఒక్కటే కాదని, నడకనూ ఉంచుకోవాలని కంపెనీ తెలుసుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో 42 ఎఫ్‌జే వచ్చింది. ఎఫ్‌జే అంటే ఫ్రాంటిషెక్ యానెచెక్. ఈ బండిలో మెరూన్ ట్యాంకు మీద క్రోమ్ లేదు, చాలా రకాల్లో తీగల చక్రాల బదులు అల్లాయ్ చక్రాలు. పాత జావాను చూసినవాడు దూరం నుంచి దీన్ని గుర్తుపట్టకపోవచ్చు. సైలెన్సర్లు మాత్రం ఇప్పటికీ రెండే.