ముఖం కదలని ఎలుగుబంటి ఏం చెబుతుంది?

బ్రౌన్ ఒక ఎలుగుబంటి బొమ్మ. గోధుమరంగు ఒళ్లు, చుక్కల్లాంటి రెండు కళ్లు, మూతి దగ్గర తెల్లటి గుండ్రం, దాని మధ్య ముక్కు. అంతే. సంతోషమొచ్చినా, దుఃఖమొచ్చినా, సిగ్గేసినా ఆ ముఖం పెద్దగా మారదు. అయినా జపాన్‌లో లక్షలమంది తమ మనసులో మాట చెప్పుకోవడానికి ఈ రాతిముఖం ఎలుగుబంటినే వాడుకున్నారు.

2011 మార్చిలో వచ్చిన భూకంపం, సునామీ తర్వాత జపాన్‌లో చాలామందికి ఫోన్లు కలవలేదు. ఆ అనుభవంలోంచి పుట్టిందే లైన్ అనే మెసేజింగ్ యాప్. ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. అక్టోబరుకల్లా అందులో స్టిక్కర్లు చేరాయి. మొదటి బొమ్మల్లో బ్రౌన్‌తో పాటు కోనీ అనే కుందేలు ఉంది. బ్రౌన్ ఎంత నెమ్మదో కోనీ అంత దూకుడు. పట్టలేని నవ్వు, పట్టలేని కోపం, వెంటనే ఏడుపు. ఆ ఇద్దరూ జంట. ఏ ఇంట్లో చూసినా ఒకరు కోనీ, ఒకరు బ్రౌన్ అయ్యుంటారు కాబట్టి జనానికి తమ బొమ్మ ఏదో వెతుక్కోవడం కష్టం కాలేదు.

స్టిక్కర్‌కు ముందు ఎమోజీ ఉండేది. జపాన్‌లోనే, 1999లో, షిగెతాకా కురితా అనే డిజైనర్ ఒక ఫోన్ కంపెనీ కోసం 176 చిన్న బొమ్మలు గీశాడు. ఒక్కోటీ అడ్డం పన్నెండు, నిలువు పన్నెండు చుక్కల గడిలో ఇమడాలి. ఎమోజీకి, స్టిక్కర్‌కు తేడా సైజులోనే ఉందనుకుంటాం గాని, అసలు తేడా అవి నిలబడే చోట ఉంది. ఎమోజీ వాక్యం చివర్న నిలబడుతుంది. మాట మనం రాస్తాం, దాని స్వరం ఎలాంటిదో అది చెబుతుంది. స్టిక్కర్ వాక్యం పక్కన నిలబడదు. తనే ఒక మెసేజ్‌గా, తనొక్కటే వెళుతుంది. అంటే సంభాషణలో మీ వంతు మొత్తాన్ని అదే తీసుకుంటుంది.

ఇంకో తేడా ఉంది. ఎమోజీ సాంకేతికంగా ఒక అక్షరం. దాని నంబరు మాత్రమే అవతలికి వెళుతుంది, బొమ్మ గీసేది అవతలివాళ్ల ఫోను. అందుకే ఒకే ఎమోజీ ఒక కంపెనీ ఫోన్లో హాయిగా నవ్వుతుంటే, ఇంకో కంపెనీ ఫోన్లో పళ్లు కొరుకుతున్నట్టు కనిపించేది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఈ గందరగోళాన్ని పరీక్షించి చూపించారు. స్టిక్కర్‌కు ఆ బాధ లేదు. అది పూర్తి బొమ్మగా వెళుతుంది కాబట్టి మీరు చూసిందే అవతలివాళ్లూ చూస్తారు.

అయితే ఒక బొమ్మ వాక్యం ఎలా అవుతుంది? మనకు తెలిసిన సందర్భమే తీసుకుందాం. స్నేహితుడి పుట్టినరోజు మర్చిపోయారు. మర్నాడు గుర్తొచ్చింది. "సారీ రా, మర్చిపోయా" అని టైపు చేస్తే చదవడానికి పొడిగా, మొక్కుబడిగా ఉంటుంది. "చాలా చాలా సారీ రా, నిజంగా గుర్తులేదు, పనిలో పడి..." అని సాగదీస్తే సంజాయిషీ అయిపోతుంది. అదే రెండు చేతులూ అడ్డంగా వేసి, చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్న కుర్రాడి బొమ్మ పంపారనుకోండి. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను, శిక్ష కూడా నేనే వేసుకుంటున్నాను, ఇక నువ్వు కోప్పడడానికి ఏమీ మిగలలేదు, కాస్త నవ్వు అనే మాటలన్నీ ఆ ఒక్క బొమ్మలో అందుతాయి. చివరి మాట ముఖ్యం. టైపు చేసిన సారీలో "కాస్త నవ్వు" అని అడగలేం.

ఇక్కడ ఒక వ్యాకరణం పనిచేస్తోంది. బొమ్మలో ఉన్న కుర్రాడు ఎవరు? పంపినవాడే. ఎవరూ చెప్పకుండానే బొమ్మ "నేను" అయిపోతుంది. ఇద్దరున్న స్టిక్కర్ అయితే ఇంకా తమాషా. కోనీ బ్రౌన్‌ని గట్టిగా వాటేసుకున్న బొమ్మ భార్య భర్తకు పంపితే కోనీ ఆవిడే. అదే బొమ్మ భర్త పంపితే కోనీ ఆయన కూడా కావచ్చు. కుందేలు ఆడదని అప్పుడెవరూ పట్టించుకోరు. ఎవరు చేస్తున్నారు, ఎవరికి చేస్తున్నారు అన్నదే చూస్తారు. క్రియ బొమ్మ భంగిమలో ఉంటుంది, కర్త పంపిన మనిషి, కర్మ అందుకున్న మనిషి. ఇక మిగిలింది తీవ్రత. దాన్ని చెప్పడానికి చెమటచుక్క, కన్నీటి ధార, తలమీంచి లేచే పొగ లాంటివి ఉన్నాయి. జపాన్ మాంగా బొమ్మలకథలు చదివినవాళ్లకు ఈ గుర్తులు చిన్నప్పటి నుంచి అలవాటు. కణత మీద పెద్ద చుక్క ఉంటే ఇబ్బంది, నుదుటి మీద నరం పొంగినట్టు గీతలుంటే కోపం. స్టిక్కర్లు జపాన్‌లో అంత తొందరగా నాటుకోవడానికి ఒక కారణం ఇదే. చదవడం జనానికి ముందే వచ్చు.

బ్రౌన్ కదలని ముఖం రహస్యం కూడా ఇక్కడే ఉంది. ముఖంలో భావం ఎంత తక్కువగా ఉంటే, చూసేవాళ్లు తమ భావాన్ని అంత ఎక్కువగా నింపుకుంటారు. అమెరికన్ బొమ్మలకథల రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో రాసిన పుస్తకంలో దాదాపు ఇదే వాదన చేశాడు. ముఖాన్ని ఫోటోలా వివరంగా గీస్తే అది ఎవరో ఒకరి ముఖం. రెండు చుక్కలు, ఒక గీతగా కుదిస్తే అది ఎవరి ముఖమైనా కావచ్చు. గోడవైపు తిరిగి ముడుచుకు కూర్చున్న బ్రౌన్‌ని మూతి ముడిచిన మొగుడూ పంపొచ్చు, పరీక్ష తప్పిన పిల్లాడూ పంపొచ్చు.

ఇప్పుడు మన గుంజీల కుర్రాణ్ణి వాట్సాప్ కోసం గీయాలనుకుందాం. వాట్సాప్‌లో స్టిక్కర్లు 2018 అక్టోబరులో వచ్చాయి. బొమ్మ అడ్డం 512, నిలువు 512 పిక్సెళ్లు ఉండాలి, వెనక భాగం పారదర్శకంగా ఉండాలి, కదలని బొమ్మ 100 కిలోబైట్లు దాటకూడదు. ఇవి కంపెనీ నియమాలు, పాటిస్తే సరిపోతుంది. అసలు చిక్కు చూపులో ఉంది. చాట్‌లో ఈ బొమ్మ రెండు మూడు వేళ్ల వెడల్పున కనిపిస్తుంది, ఎంచుకునే పెట్టెలో ఇంకా చిన్నగా. చొక్కా గళ్లు, వెనకాల బడి గోడ, చేతి గడియారం అన్నీ మరకల్లా మిగులుతాయి. తీసేయాల్సిందే. తల మొత్తం ఎత్తులో దాదాపు సగం ఉండాలి. గుంజీల్లో చేతులు ఛాతీ మీద అడ్డంగా పడతాయి కదా, చొక్కా రంగు చేతుల రంగుకు దగ్గరగా ఉంటే అవి కలిసిపోయి, కుర్రాడు చెవులు మూసుకున్నట్టో చలికి వణుకుతున్నట్టో కనిపిస్తాడు. కాబట్టి చొక్కా ముదురు రంగులో ఉండాలి, మోచేతులు ఒంటి గీత దాటి బయటికి రావాలి. ఎదురుగా గీస్తే వంగిన మోకాళ్లు తెలియవు, కాస్త పక్కకు తిప్పాలి. కళ్లు పైకి చూడాలి, ఎందుకంటే క్షమించే మనిషి పైన ఉన్నాడు. చుట్టూ తెల్లటి అంచు గీయాలి. వాట్సాప్ కూడా 8 పిక్సెళ్ల తెల్ల అంచును సూచిస్తుంది. అది లేకపోతే నల్ల తెరమీద కుర్రాడి నల్లజుట్టు మాయమవుతుంది.

గీశాక పరీక్ష సులువు. బొమ్మను గోరంత చేసి, ఏమీ చెప్పకుండా ఎవరికైనా చూపించండి. "వీడు గుంజీలు తీస్తున్నాడు" అంటే బొమ్మ ఇంకా బొమ్మగానే ఉంది. "సారీ చెబుతున్నాడు" అంటే స్టిక్కర్ అయింది. ఈ తేడా లైన్ సంస్థకు బాగా తెలుసు. 2014లో బయటి చిత్రకారులు కూడా స్టిక్కర్లు గీసి అమ్ముకునే సంత తెరిచినప్పటి నుంచీ ఒక షరతు పెట్టింది. ఉత్త వస్తువులు, ప్రకృతి దృశ్యాలు లాంటి, రోజూ మాట్లాడుకోవడానికి పనికిరాని బొమ్మలు తీసుకోరు. ఎంత అందమైన కొండైనా తిరుగు టపాయే.

ప్యాక్‌లో వాట్సాప్ 30 బొమ్మలకు మించి ఒప్పుకోదు. కొత్తగా గీసేవాళ్లు ఆ జాగాను పండగలతో, పుట్టినరోజులతో నింపేస్తారు. అవి ఏడాదికి ఒకసారి వాడేవి. రోజూ కావాల్సింది "సరే" అనడం. అందులోనూ ఇష్టంగా సరే వేరు, తప్పదుగా సరే వేరు, నీ ఖర్మ సరే వేరు. టైపు చేస్తే మూడూ ఒకటే, బొమ్మల్లో మూడు. తెలుగు ప్యాక్ గీసేవాళ్లు ముందు ఆ మూడూ గీయాలి, తర్వాత "తిన్నావా?", ఆ తర్వాతే ఉగాది.

తెలుగులో స్టిక్కర్లు వాట్సాప్ కంటే ముందే ఉన్నాయి. 2012 చివర్లో మొదలై 2021 జనవరిలో మూతపడిన మన దేశపు యాప్ హైక్, భారతీయ భాషల్లో స్టిక్కర్లు పెట్టే పేరు తెచ్చుకుంది. కానీ వాట్సాప్‌లో మనవాళ్లు కార్టూన్ల కంటే సినిమావాళ్ల ముఖాలనే ఎక్కువ ఎంచుకున్నారు, అందులో బ్రహ్మానందానిదే పెద్ద వాటా అని నా గ్రూపులు చూసి చెబుతున్నాను. అది బ్రౌన్‌కి పూర్తిగా వ్యతిరేక దారి. అక్కడ ఖాళీ ముఖంలో మన భావం నింపుతాం. ఇక్కడ ఆ ముఖమే ఒక సన్నివేశాన్ని, దాని డైలాగును, హాల్లో పడిన నవ్వును వెంట తెస్తుంది. సినిమా చూసినవాళ్ల మధ్య దీన్ని మించింది లేదు. చూడనివాళ్లకు మాత్రం అది వింతగా చూస్తున్న ఓ పెద్దమనిషి ఫోటో. ఎక్కువకాలం నిలిచేది గీసిన బొమ్మే అని నా నమ్మకం.

ఇబ్బందులూ ఉన్నాయి. టైపు చేసిన మాట పంపే బటన్ నొక్కేదాకా ఆగుతుంది. వాట్సాప్‌లో స్టిక్కర్ మీద వేలు పడితే చాలు, వెళ్లిపోతుంది. దండం పెట్టే బొమ్మ పక్కనే తీన్మార్ వేసే బొమ్మ ఉంటుంది. లైన్ ఈ ప్రమాదాన్ని ఊహించి, మొదటిసారి తాకితే బొమ్మ చూపించి, రెండోసారి తాకితేనే పంపే ఏర్పాటు చేసింది. పొరపాటున పంపినదాన్ని తుడిచేసినా, తుడిచేశారన్న సంగతి అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. పైగా స్టిక్కర్‌లో అక్షరాలు లేవు కాబట్టి పాత చాట్‌లో దాన్ని మాటతో వెతికి పట్టుకోలేరు.

స్టిక్కర్‌కు అందని చోటు మాత్రం ఒకటి ఉంది. సరదా కలిసిన సారీ అది చెప్పగలదు, చిరాకు కలిసిన సరే చెప్పగలదు, ఎందుకంటే ఆ తేలికదనమే దాని బలం. బరువు మోయాల్సి వచ్చినప్పుడు ఆ బలమే అడ్డం పడుతుంది. ఎవరింట్లోనో మనిషి పోయారని గ్రూపులో కబురు వస్తే కన్నీళ్లు కారుస్తున్న ఎలుగుబంటిని పంపకండి. రెండు మాటలు టైపు చేయండి, వీలైతే ఫోన్ చేయండి.